అర్ధరాత్రి పన్నెండు దాటాక ‘ఎల్లుండి’ ఏ రోజు?

విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల తొమ్మిది కొట్లకి నేను లెక్కలు రాస్తాను. ఒక్కో కొట్టుకి వారంలో ఒకటి రెండు పూటలు వెళ్ళి అమ్మకాలు, కొనుగోళ్ళు, జీఎస్టీ, జీతాలు చూస్తాను. జీతాల పుస్తకం నా చేతిలోనే ఉంటుంది కాబట్టి, ఎవరు ఏ రోజు రాలేదు, చెప్పి మానేశారా చెప్పకుండా మానేశారా అన్న పంచాయితీ నెలాఖరుకి నా బల్ల మీదకే వస్తుంది. ఇదివరకు ‘చెప్పాను’ అని ఒకరు, ‘ఎప్పుడు చెప్పావు’ అని ఒకరు నోటితో వాదించుకునేవారు. ఇప్పుడు ఇద్దరూ ఫోన్లు తీసి నా ముందు పెడుతున్నారు. అలా నేను చదివిన సెలవు మెసేజ్‌లలో ఒకదాన్ని ఇక్కడ విప్పి చూపిస్తాను. ఇద్దరినీ అడిగే రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయను.

కొట్టు రంగులదీ హార్డ్‌వేర్‌దీ. మొత్తం ఆరుగురు మనుషులు. ఓనరు, సాయంత్రాలు వచ్చి క్యాష్ చూసుకునే ఆయన భార్య, కౌంటర్ దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు, గోడౌన్‌లో ఒక కళాసీ, బిల్లింగ్ కంప్యూటర్ ముందు ఒక అమ్మాయి. ఈ కేసు ఆ అమ్మాయిది. నెల్లిమర్ల అవతలి ఊరి నుంచి రోజూ ఆటోలో వస్తుంది. డిగ్రీ అయింది, రెండేళ్ళుగా ఇక్కడే పని, నెలకి 12,000 జీతం. ఓనరుకి అరవై దగ్గర పడుతోంది. కళాసీ ఆయన్ని ‘షావుకారు’ అంటాడు, కుర్రాళ్ళు ‘అన్నా’ అంటారు, ఈ అమ్మాయి ‘సార్’ అంటుంది. ఒక్క మనిషికి ఒకే కొట్టులో మూడు పిలుపులు. ఎవరి మెసేజ్ ఎలా ఉండాలన్నది అక్కడి నుంచే మొదలవుతుంది.

గత అక్టోబరులో, మా ఊరి పైడితల్లి అమ్మవారి పండగ సిరిమాను జరిగిన మంగళవారం. ఆ రోజు కొట్టు లేదు. సాయంత్రం విశాఖ నుంచి కంటి ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసి, వాళ్ళమ్మకి శుక్లం ఆపరేషన్ గురువారం 9వ తేదీన చేస్తామన్నారు. రాత్రి తొమ్మిదిన్నరకి ఈ అమ్మాయి ఓనరుకి మెసేజ్ రాయడానికి కూర్చుంది. రాసింది, చెరిపింది, పెద్దమ్మ కూతురికి చూపించింది, మళ్ళీ రాసింది. పంపేసరికి అర్ధరాత్రి దాటి పది నిమిషాలయింది. అది ఇది:

“నమస్కారం సార్. మీరు, మేడమ్ గారు, పిల్లలు అందరూ క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. పండగ బాగా జరిగిందని అనుకుంటున్నాను. ఈ టైములో మెసేజ్ పెట్టి మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి సార్. మీ దగ్గర పని చేసే అవకాశం దొరకడం నా అదృష్టం. విషయం ఏమిటంటే మా అమ్మకి కంటి శుక్లం ఆపరేషన్ విశాఖలో చేస్తామన్నారు. ఇంట్లో తీసుకెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు సార్, తమ్ముడు చెన్నైలో ఉన్నాడు. కాబట్టి దయచేసి నాకు ఎల్లుండి సెలవు ఇప్పించవలసిందిగా కోరుకుంటున్నాను. మీకు ఇబ్బంది అయితే చెప్పండి సార్. తప్పుగా అనుకోవద్దు. ఇట్లు మీ విధేయురాలు.”

బుధవారం పొద్దున్న ఏడున్నరకి ఓనరు చదివాడు. బొటనవేలు గుర్తు పెట్టాడు. పెట్టి, బొబ్బిలిలో బంధువుల పెళ్ళికి వెళ్ళిపోయాడు, ఆ రోజు కొట్టుకి రాలేదు. అమ్మాయి బుధవారం మామూలుగా పని చేసుకుంది. సార్ ఒప్పుకున్నారు కదా, మళ్ళీ ఫోన్ చేసి అడిగితే విసిగించినట్టు ఉంటుందనుకుంది. సాయంత్రం వెళ్తూ కౌంటర్ కుర్రాడితో ‘రేపు రాను’ అంది. వాడు అది తన కోసం చెప్పిన మాట అనుకున్నాడు, ఓనరుకి చెప్పాలని తోచలేదు.

గురువారం పొద్దున్న పదింటికి రంగుల లోడు దిగింది. దీపావళి ముందు రోజులు, ఇళ్ళకి రంగులు వేయించుకునే కాలం. బిల్లింగ్ కుర్చీ ఖాళీగా ఉంది. ఓనరు ఫోన్ చేస్తే స్విచాఫ్, అప్పటికి ఆ అమ్మాయి ఆపరేషన్ గది బయట కూర్చుని ఉంది. కౌంటర్ కుర్రాళ్ళు చేత్తో బిల్లులు రాశారు. అందులో ఏడింటికి కొన్నవాళ్ళ జీఎస్టీ నంబరు లేదు. అదే రోజు మధ్యాహ్నం నేను సెప్టెంబరు అమ్మకాల లిస్టు కోసం వెళ్ళాను. ఆ నెల అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 వేయడానికి 11వ తేదీ ఆఖరు. లిస్టు ఎక్కడ సేవ్ అయిందో ఆ అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు.

“ఏటి మేస్టారూ ఇది, శుక్రవారం కావాలని మెసేజ్ పెట్టి గురువారం మానీసింది” అన్నాడు ఓనరు.

మర్నాడు ఇంకో ముచ్చట. శుక్రవారం ఎలాగూ రాదని ఓనరు తన మేనల్లుణ్ణి పిలిపించి బిల్లింగ్ దగ్గర కూర్చోబెట్టాడు. ఒంటిగంటకి అమ్మాయి వచ్చి చూస్తే తన కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. ఉద్యోగం పోయిందనుకుని గుమ్మం దగ్గరే ఏడుపు. ఓనరు ఏమో, చెప్పకుండా ఒక రోజు మాని, ఇచ్చిన రోజు సగంపూట వచ్చి ఏడుస్తుందేమిటని కోపం. నెలాఖరుకి నాతో ‘రెండు రోజులు కొట్టీయండి’ అన్నాడు. అంటే 800 రూపాయలు.

అప్పుడు ఇద్దరి ఫోన్లూ పక్కపక్కన పెట్టాను.

వాట్సాప్‌లో ఒక రోజు మెసేజ్‌లకీ మరో రోజు మెసేజ్‌లకీ మధ్యన తేదీ చూపించే చిన్న పట్టీ ఉంటుంది కదా, ఈ మెసేజ్ ఆ పట్టీకి కింద, అంటే బుధవారంలో ఉంది. పంపిన అమ్మాయికి అది ఇంకా మంగళవారం రాత్రే. నిద్రపోలేదు కాబట్టి రోజు మారలేదు. ఆమె లెక్కలో ఎల్లుండి అంటే గురువారం. బుధవారం పొద్దున్న టీ తాగుతూ చదివిన మనిషికి ఎల్లుండి అంటే శుక్రవారం. ఇద్దరిలో ఎవరిదీ తప్పని చెప్పలేం. కానీ ఓనరు వైపు ఫోన్ కూడా సాక్ష్యం చెబుతోంది.

సెలవు మెసేజ్‌లో రేపు, ఎల్లుండి, వచ్చే సోమవారం లాంటి మాటలు నేను అందరి చేతా మాన్పిస్తున్నది అందుకే. ఎదురుగా నిలబడి ‘ఎల్లుండి’ అంటే అది మాట్లాడిన రోజు నుంచి లెక్క. మెసేజ్‌లో అది రాసిన రోజు నుంచో చదివిన రోజు నుంచో ఎవరూ చెప్పరు. అర్ధరాత్రి అయితే తేడా తెలుస్తుంది. పొద్దున్న పంపినది ఓనరు మర్నాడు చదివినా ఇదే గొడవ. వారమూ తేదీ రెండూ రాయాలి. ఒక్క తేదీ అయితే వేలు జారి 9 బదులు 8 పడవచ్చు. పక్కన ‘గురువారం’ ఉంటే చదివేవాడికి అనుమానం వచ్చి అడుగుతాడు.

ఇక మెసేజ్ పొడుగు సంగతి. ఇందులో 65 మాటలున్నాయి, లెక్కపెట్టాను. ‘ఎల్లుండి’ అన్నది 52వ మాట, ‘సెలవు’ 53వది. ఓనరు ఫోన్ లాక్‌లో ఉన్నప్పుడు పైన కనబడే ముక్క “నమస్కారం సార్. మీరు, మేడమ్ గారు, పిల్లలు అందరూ” వరకే. ఆ ముందు రోజు సిరిమాను, దానికి ముందు దసరా. ఫోన్ నిండా అలాంటి శుభాకాంక్షలే. ఆయన దాన్ని కూడా ఆ లెక్కలోనే వేశాడు. తెరిచాక కూడా చదవలేదు, పై నుంచి కిందకి తోసుకుంటూ పోయాడు. ‘ఆపరేషన్’, ‘ఎల్లుండి’ కనబడ్డాయి, పాపం అనుకుని బొటనవేలు పెట్టాడు. ఈ మాట ఆయనే నాతో ఒప్పుకున్నాడు.

అంత పొడుగు ఎందుకు రాశావమ్మా అని అడిగితే, “చిన్నగా రాస్తే పొగరనుకుంటారని మేస్టారూ” అంది. నాకు దొరికిన అసలు జవాబు అదే. ఆ మెసేజ్‌లో కుశలప్రశ్న, క్షమాపణ, పొగడ్త అన్నీ పొగరు అనిపించుకోకుండా ఉండడానికి పెట్టిన కాపలాలు. హైస్కూల్లో హెడ్‌మాస్టారికి రాసే సెలవు చీటీ మనందరి బుర్రల్లో అలా అచ్చయిపోయింది. ‘ఇప్పించవలసిందిగా’ అక్కడిదే. అసలు ఆ మాటకి అర్థం చూడండి. ఇప్పించడమంటే ఇంకొకరి చేత ఇప్పించడం. ఆఫీసులో పెద్దాయన గుమస్తా చేత కాగితం ఇప్పిస్తాడు, సరే. ఆరుగురున్న కొట్టులో సెలవు ఇచ్చేదీ ఓనరే, ఆ రోజు ఆ పని చూసుకోవాల్సిందీ ఓనరే. ఆయనకి అది చదివి వినిపిస్తే, “నేనెవరి చేత ఇప్పించాలండీ, మా ఆవిడ చేతా?” అన్నాడు.

తెలుగులో మర్యాద ఉండేది క్రియ చివర. ‘సెలవు కావాలి’కీ ‘సెలవు కావాలండి’కీ మధ్య ఉన్నది ఒక్క ‘అండి’. ఆ ‘అండి’ చేసే పని, పైన ఉన్న నాలుగు ‘సార్’లూ, ‘విధేయురాలూ’ కలిసినా చేయలేవు. కాబట్టి మర్యాద కోసం పొడుగు పెంచక్కర్లేదు. వాక్యం చివర ఏ మాటతో ఆగుతున్నామన్నది చూసుకుంటే చాలు.

నేను ఎక్కువగా చూసే ముగింపులు కొన్ని ఉన్నాయి. ‘గురువారం రాను సార్’ అంటే అది కబురు, అడగడం కాదు. ‘సార్’ ఉన్నా సరే, చదివేవాడి చెవిలో తలుపు వేసినట్టే పడుతుంది. ‘సెలవు తీసుకుంటున్నాను’ కూడా అంతే, నిర్ణయం అయిపోయింది. కంపెనీల్లో పని చేసి వచ్చిన పిల్లలు ఇలా రాస్తారు, అక్కడ అది మామూలు. ఇక్కడ ఓనరు ముఖం ముడుచుకుంటుంది. ‘పెడదామనుకుంటున్నాను’ అని రాస్తే ఓనరు దానికి జవాబే ఇవ్వడు. అనుకుంటున్నావు కదా, అనుకో, అయ్యాక చెప్పు, అన్నట్టు వదిలేస్తాడు. ‘సెలవు కావాలండి’ అడగడం. దాని తర్వాత ‘వెళ్ళమంటారా?’ అని ఉంటే నిర్ణయం ఆయన చేతిలో పెట్టినట్టు, పైగా దానికి అవుననో కాదనో చెప్పాల్సి వస్తుంది. బొటనవేలితో సరిపెట్టినా అది దేనికి పెట్టాడో తెలుస్తుంది.

పాత మెసేజ్‌లో ఈ చోట ఉన్నది ‘మీకు ఇబ్బంది అయితే చెప్పండి’. చూడ్డానికి వినయమే. కానీ దాని అర్థం, మీరు ఏమీ చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని. పని చేసేవాళ్ళు మొహమాటంతో రాస్తారు, ఓనర్లు దాన్ని తెలివి అనుకుంటారు.

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి అదే సెలవు మళ్ళీ రాయించాను. నాలుగు సార్లు కొట్టేసుకున్నాక తేలినది ఇది:

“సార్, గురువారం 9వ తేదీ సెలవు కావాలండి, శుక్రవారం మధ్యాహ్నం వచ్చేస్తాను. అమ్మకి విశాఖలో కంటి ఆపరేషన్, మర్నాడు పొద్దున్న కట్టు విప్పుతారు. సెప్టెంబరు బిల్లుల లిస్టు బుధవారం సాయంత్రానికి తీసి పెడతాను. వెళ్ళమంటారా?”

పాతిక మాటలు. లాక్ స్క్రీన్ మీద కనబడే మొదటి ముక్కలోనే రోజు, తేదీ, సెలవు మూడూ ఉన్నాయి. ఫోన్ తెరవకపోయినా విషయం తెలుస్తుంది. ‘నమస్కారం’ తీసేయించినందుకు ఆ అమ్మాయి చాలాసేపు ఒప్పుకోలేదు. రోజూ పొద్దున్న వచ్చి ఎదురుగానే నమస్కారం పెడతావు కదమ్మా, ఫోన్లో కూడా ఎందుకు అన్నాను. పండగ సెలవులకి వారం రోజులు కొట్టు లేక, ఆ తర్వాత మొదటి మెసేజ్ అయితే పెట్టొచ్చు. పెట్టినా ఒక్క మాటే, ఆ వెంటనే తేదీ.

కారణం ఒక్క వాక్యంలో అయిపోయింది. తమ్ముడు చెన్నైలో ఉన్న సంగతి తీసేశాం. అది అబద్ధం కాదు, కానీ ‘ఇంట్లో ఎవరూ లేరు’ అన్న వాదన మొదలుపెడితే ఓనరు మనసులో ఎదురువాదన మొదలవుతుంది. ‘మీ పిన్ని ఉంది కదా’ అని ఆయన నిజంగానే అన్నాడు. కారణం చెబితే తెలుసుకుంటాడు, రుజువులు చూపిస్తే తూకం వేయడం మొదలెడతాడు. కట్టు విప్పే సంగతి మాత్రం ఉంచాం. శుక్లం ఆపరేషన్‌కి మామూలుగా ఆ రోజే ఇంటికి పంపేస్తారు, మర్నాడు కన్ను చూడడానికి మళ్ళీ రమ్మంటారు. విశాఖకి పోను అరవై కిలోమీటర్లు, రాను అరవై. శుక్రవారం పొద్దున్న ఎందుకు రాలేదో ఆ నాలుగు మాటలు చెబుతాయి. తిరిగి వచ్చే వేళ రాసి ఉంటే మేనల్లుడు కుర్చీలో కూర్చునే వాడూ కాదు.

అన్నిటికంటే బరువైన వాక్యం బిల్లుల లిస్టుది. చిన్న కొట్టు ఓనరు సెలవు మెసేజ్‌లో వెతికేది కారణం కాదు, ఆ రోజు తనకి ఏం ఆగిపోతుందన్నది. ఆ అమ్మాయి లేకపోతే ఆగేవి రెండు, బిల్లులు కొట్టడం, 11వ తేదీ లోపు నాకు లిస్టు ఇవ్వడం. బిల్లులు కౌంటర్ కుర్రాళ్ళు చేత్తోనైనా రాస్తారు. లిస్టు ఇంకెవరూ తీయలేరు. కాబట్టి చెప్పాల్సింది దాని గురించే. ‘నా పని అంతా ఎవరో ఒకరు చూసుకుంటారు’ అని రాసేవాళ్ళున్నారు, అది రాయకపోవడమే మేలు. ఎవరి చేత చేయించాలో తేల్చేది ఓనరు, ఆయన కుర్రాళ్ళకి మనం పని పురమాయించినట్టవుతుంది.

ఓనరుకి రెండు మెసేజ్‌లూ చూపించాను. రెండోది చదివి, “ఇదే పెట్టుంటే నేను పెళ్ళి నుంచైనా ఫోన్ చేసి సరేననేవాణ్ణి” అన్నాడు. వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. “అయినా మంగళవారం రాత్రి తెలిసిన సంగతి బుధవారం పొద్దున్న ఫోన్ చేసి చెప్పొచ్చు కదా. మనిషి ఉండగా మెసేజ్ ఏటండీ?”

ఇది తీసేయదగ్గ మాట కాదు. మా వైపు యాభై దాటిన ఓనర్లలో చాలామందికి మెసేజ్ ఎంత బాగా రాసినా, ముందు నోటితో అడగకపోతే అది తమని తక్కువ చేసినట్టే. అడగాల్సింది ఎదురుగా, మెసేజ్ ఆ తర్వాత గుర్తుకి. అందుకే ఓనరు కొట్టులో ఉన్న రోజు అయితే ముందు చెవిన వేసి, ఆ తర్వాత అదే మెసేజ్‌కి ముందు ‘ఇందాక అడిగినట్టు’ అని చేర్చి పంపమంటాను. మూడు, నాలుగు గంటల మధ్య పంపితే మంచిది. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా కౌంటర్ మీద రద్దీ, రాత్రి తొమ్మిదికి క్యాష్ లెక్క, అప్పుడు ఏది అడిగినా కసిరే జవాబే వస్తుంది. సెలవుకి ముందు రోజు సాయంత్రం వెళ్తూ, ‘రేపు నేను రానుకదండీ, లిస్టు ఇదిగో’ అని ఓనరుతోనే అనాలి, కౌంటర్ కుర్రాడితో కాదు. ఎదురుగా అన్నప్పుడు ‘రేపు’ అంటే చాలు.

పంపడానికి ఏ నంబరు అన్నది కూడా చూసుకోవాలి. ఈ కొట్టుకి రెండున్నాయి. కొట్టు నంబరు బిల్లింగ్ కంప్యూటర్‌లో కూడా తెరిచి ఉంటుంది, కౌంటర్ కుర్రాళ్ళందరూ చదువుతారు. ఆర్డర్లు, రంగుల నంబర్లు వచ్చే చోటు అది. సెలవు ఆయన సొంత నంబరుకే పంపాలి. ఆడపిల్లలు ఒంట్లో బాగోలేదని పెట్టే మెసేజ్ అయితే మరీను.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ళకి ఒక మాట. ‘వెళ్ళాను’, ‘వెళ్ళను’ రెండూ ఆ అక్షరాల్లో ఒకేలా పడతాయి. పక్క బజారులో ఇంకో కొట్టు కుర్రాడు బ్యాంకు పనికి ‘వెళ్ళాను’ అని కొడితే ఓనరు ‘వెళ్ళను’ అని చదివి తిట్టిన కేసు కూడా నా దగ్గరకే వచ్చింది. అవునో కాదో తేల్చే మాట ఉన్న మెసేజ్ అయినా తెలుగు అక్షరాల్లో కొట్టండి. టైపు చేయడం రాకపోతే కీబోర్డు మీదున్న మైకు గుర్తు నొక్కి మాట్లాడితే ఫోనే తెలుగులో రాస్తుంది, ఒకసారి చదువుకుని పంపాలి. వాయిస్ మెసేజ్ వద్దు. కౌంటర్ మీద నలుగురి ముందు స్పీకర్‌లో మోగుతుంది, తర్వాత ఎప్పుడైనా తేదీ వెతుక్కోవాలన్నా దొరకదు. పంపాక తప్పు కనబడితే పదిహేను నిమిషాల్లోపు దాన్నే దిద్దవచ్చు. అది దాటితే తుడిచేయకండి. ‘మెసేజ్ తుడిచేశారు’ అన్న గుర్తు అక్కడ మిగిలి, ఏం రాశారో అన్న అనుమానం పెట్టుకుంటారు. ‘తప్పు పడిందండి, 9వ తేదీ’ అని ఇంకోటి పంపితే సరిపోతుంది.

ఈ పద్ధతి పనికిరాని చోటు ఒకటుంది. ఇంట్లో ఎవరైనా పోయినా, ఎవరినైనా ఆసుపత్రికి ఎత్తుకుపోతున్నా ‘వెళ్ళమంటారా’ అని అడగకూడదు. అది అడగాల్సిన సంగతి కాదు, అడిగితే వినేవాడికే ఇబ్బంది. ముందు ఫోన్ చేయాలి. ఎత్తకపోతే ‘సార్, నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నామండి, ఈ రోజు రాలేను, సాయంత్రం ఫోన్ చేస్తాను’ అంటే చాలు. కొట్టు పని గురించి ఒక్క ముక్క ఉండక్కర్లేదు. అలాంటి వేళ లిస్టుల సంగతి రాస్తే మనిషి మరీ భయస్తుడిలా కనబడతాడు.

చట్టం సంగతి కూడా అడుగుతారు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టంలో పని చేసేవాళ్ళకి ఏడాదికి పన్నెండు క్యాజువల్ సెలవులు, జబ్బు చేస్తే ఇంకో పన్నెండు అని రాసి ఉంది. ఆ మాట నేను జీతాల పుస్తకం ముందు కూర్చున్నప్పుడు ఓనరుకి చెబుతాను, ఈ కేసులోనూ చెప్పాను. సెలవు అడిగే మెసేజ్‌లో మాత్రం దాన్ని తేవద్దంటాను. హక్కు లేదని కాదు. రోజూ ఎదురుగా కూర్చునే మనిషితో మొదటి మాటే అదైతే మిగతా పదకొండు సెలవులూ గొడవతోనే దొరుకుతాయి.

చివరికి ఓనరు ఏమీ కొట్టలేదు. గురువారం క్యాజువల్‌గా రాసుకోమన్నాడు, శుక్రవారం సగంపూట వదిలేయమన్నాడు. జీఎస్టీఆర్-1 శనివారం సాయంత్రం వేశాను. నంబరు లేని ఏడు బిల్లులూ అక్టోబరువి కాబట్టి తొందర లేకపోయింది, తర్వాత వారం ఆ అమ్మాయే కొన్నవాళ్ళకి ఫోన్లు చేసి నంబర్లు తెప్పించింది.

నవంబరులో ఇంకోటి జరిగింది. ఆ అమ్మాయి మెసేజ్ బాగుందని కౌంటర్ కుర్రాడు దాన్ని తెప్పించుకుని, తేదీ మార్చి, ఊళ్ళో అమ్మవారి సంబరమని కారణం మార్చి ఓనరుకి పంపాడు. బిల్లుల లిస్టు వాక్యం అలాగే ఉంచేశాడు. ఓనరు నాకు చూపించి పడీపడీ నవ్వాడు. “వీడు బిల్లుల లిస్టు తీస్తాడటండీ, కంప్యూటర్ ఆన్ చెయ్యడమే రాదు!”

కుర్రాణ్ణి పిలిచి, నువ్వు లేకపోతే కొట్టులో ఏం ఆగుతుందిరా అని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. అప్పుడు జేబులోంచి తాళాలగుత్తి తీశాడు. గోడౌన్ తాళం రాత్రి వాడి దగ్గరే ఉంటుంది, పొద్దున్న తెరిచేది వాడే. నా ముందే మళ్ళీ కొట్టాడు: “అన్నా, సోమవారం 24వ తేదీ సెలవు కావాలి. ఊళ్ళో అమ్మవారి సంబరం. గోడౌన్ తాళం ఆదివారం రాత్రి ఇంటికొచ్చి ఇచ్చేస్తాను, మంగళవారం పొద్దున్న నేనే తెరుస్తాను. వెళ్ళమంటావా?” వాడు ‘అన్నా’ అంటాడు కాబట్టి ‘అండి’ పెట్టించలేదు. పెడితే ఓనరు ఎవరి ఫోన్ నుంచి వచ్చిందో అని చూసుకుంటాడు.

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: “వెళ్ళు. తాళం వదినకి ఇయ్యి.”